మతం ఏం కొట్టమంటారు?



భద్రాచలం బస్టాండు దగ్గరైనా, ఖమ్మంలోనైనా, నెట్ సెంటర్‌కి వెళ్లి రెజ్యూమే చేసిపెట్టమని అడిగితే అక్కడి కుర్రాడు కొత్త పేజీ తెరవడు. ఎప్పుడో ఎవరికో చేసిన ఫైలు తెరుస్తాడు. పాత పేరు చెరిపి మీ పేరు కొడతాడు. చదువులు, మార్కులు, పని అనుభవం గబగబా మార్చేసి కిందికొచ్చాక తలెత్తి అడగడం మొదలుపెడతాడు. "నాన్న పేరు? పుట్టిన తేదీ? పెళ్లయిందా అక్కా? మతం ఏం కొట్టమంటారు?" చెప్పింది చెప్పినట్టు కొట్టి, పైన కుడిమూల పాస్‌పోర్ట్ సైజు ఫోటో అతికించి, చివర పై వివరాలన్నీ నిజమని డిక్లరేషన్ పెట్టి పది కాపీలు తీసిస్తాడు. ఆ పది కాపీలూ పది చోట్లకి పోతాయి.

వాటిలో నాలుగు వివరాల గురించే ఇవాళ మాట్లాడదామనుకుంటున్నాను. ఫోటో, పుట్టిన తేదీ, పెళ్లి, మతం. వీటిని పెట్టాలా వద్దా అని నన్ను చాలామంది పిల్లలు అడుగుతారు. ఎవరికి పంపుతున్నావని నేను తిరిగి అడుగుతాను. ఎందుకంటే ఒక దేశంలో తప్పనిసరైన వివరం ఇంకో దేశంలో కనిపిస్తే కాగితాన్నే పక్కన పెట్టేస్తారు.

చర్ల మండలం నుంచి ఒక అమ్మాయి ఉందనుకుందాం. కోయ అమ్మాయి, ఇంట్లో చర్చికి వెళ్తారు. జీఎన్ఎం నర్సింగ్ చదివి, ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మూడేళ్లు పనిచేసింది. ఇప్పుడు సర్కారు నౌకరీకి, హైదరాబాద్‌లో పెద్ద ఆసుపత్రికి, సౌదీకి, జర్మనీకి దరఖాస్తు పెడదామనుకుంటోంది. మన దగ్గర నర్సింగ్ చదివిన పిల్లలకి ఈ దారులన్నీ తెరిచే ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ విదేశీ ఉద్యోగాలకి నర్సులను తయారుచేస్తోంది, పక్క రాష్ట్రంలో ఓంక్యాప్ ఉంది.

ముందు సర్కారు నౌకరీ సంగతి. అక్కడ ఎవరూ రెజ్యూమే అడగరు. ఫారం వాళ్లదే, గడులూ వాళ్లవే. ప్రతి గడి వెనకా ఒక నియమం ఉంటుంది. పుట్టిన తేదీ వయోపరిమితి కోసం. ఎస్టీలకి అయిదేళ్ల సడలింపు ఉంది కాబట్టి అది ఆ అమ్మాయికి మేలు చేసే వివరం. కులం రిజర్వేషన్ కోసం. ఫోటో, పరీక్ష హాల్లో కూర్చున్నది ఆవిడేనా అని పోల్చుకోవడం కోసం. ఇక్కడ సిగ్గుపడటానికీ, దాచుకోవడానికీ ఏమీ లేదు. అడిగింది అడిగినట్టు నింపాలి.

మతం దగ్గర మాత్రం కాస్త ఆగాలి. మా ప్రాంతంలో చాలామందికి ఇది తెలియక కంగారు పడుతుంటారు. 1950లో వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. మొదట హిందువులకే అన్నారు, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు అందులో లేరు. అందుకే క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డ్ కులాల వారిని మన రాష్ట్రాల్లో బీసీ-సీ గ్రూపు కింద చూస్తారు. షెడ్యూల్డ్ తెగలకి ఈ షరతు లేదు. కోయ అమ్మాయి చర్చికి వెళ్లినా, గుడికి వెళ్లినా, ఊళ్లో వేల్పులనే కొలిచినా కోయే, ఎస్టీయే. కాబట్టి మన చర్ల అమ్మాయి మతం గడిలో ఉన్నది ఉన్నట్టు రాసుకోవచ్చు. అదే ఖమ్మంలో మాల, మాదిగ ఇంటి పిల్లవాడు నెట్ సెంటర్‌లో యథాలాపంగా మతం క్రిస్టియన్, కులం ఎస్సీ అని ఒకే కాగితం మీద కొట్టించుకుంటే, చట్టం ముందు ఆ రెండు మాటలూ పొసగవు. ప్రైవేటు కంపెనీకి ఇచ్చే రెజ్యూమేలో ఆ రెండు మాటలతో పనే లేదు. పాత ఫైల్లో గడి ఉంది కాబట్టి నింపుతారు, అంతే.

పెళ్లి సంగతి కూడా ఒకటి చెప్పాలి. కులం పుట్టుకతో వచ్చేది, తండ్రి వైపు నుంచి చూస్తారు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిస్తే పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, కులం సర్టిఫికెట్‌లో ఇంకో పేరు అయి కూర్చుంటుంది. ఉద్యోగాల వేటలో ఉన్న ఆడపిల్లలు మెమోలో పేరుని కదపకుండా ఉంచుకుంటేనే మంచిదని నా అభిప్రాయం.

ఇక హైదరాబాద్ ఆసుపత్రి. ఇది ప్రైవేటు. రిజర్వేషన్ లేదు కాబట్టి కులం, మతం చెప్పినందువల్ల వచ్చే లాభం లేదు. నష్టం ఉంటుందా? ఉంటుందనడానికి ఆధారం ఉంది. సుఖదేవ్ థోరాట్, పాల్ ఆట్‌వెల్ అనే ఇద్దరు పరిశోధకులు 2005లో మొదలుపెట్టి ఒక పని చేశారు. ఇంగ్లీషు పేపర్లలో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకి 4,808 దరఖాస్తులు పంపారు. పోల్చి చూసిన దరఖాస్తుల్లో చదువు, అనుభవం అన్నీ సమానం. పేరు ఒక్కటే తేడా. కొన్నింటి మీద అగ్రకుల హిందూ పేర్లు, కొన్నింటి మీద దళిత ఇంటిపేర్లు, కొన్నింటి మీద ముస్లిం పేర్లు. ఎక్కడా మతం అని రాయలేదు, కులం అని రాయలేదు. 2007లో ఫలితాలు ప్రచురించారు. అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకి ఇంటర్వ్యూ పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకి మూడింట ఒక వంతు మాత్రమే.

అంటే మతం గడి తీసేసినంత మాత్రాన అంతా సరిపోదు. ఇంటిపేరు పట్టిస్తుంది. మన వైపు సోడి, మడకం, కుంజా, పూనెం, పాయం, ఇర్పా అని వినగానే తెలిసినవాళ్లకి కోయలని తెలిసిపోతుంది. కింద ఊరు చర్ల అనో, దుమ్ముగూడెం అనో ఉంటే ఇంక చెప్పే పనే లేదు. ఇంటిపేరు మార్చుకోమని నేను ఎవరికీ చెప్పను. అది మన పేరు. కానీ పూర్తి చిరునామా, ఇంటి నంబరుతో సహా, రెజ్యూమేలో రాయాల్సిన అగత్యం లేదు. ఫోన్ నంబరు, ఈమెయిలు, ఇప్పుడు ఉంటున్న పట్నం పేరు చాలు. నాన్న పేరూ, నాన్న చేసే పనీ అసలే అక్కర్లేదు.

పెళ్లి వివరం ఆడపిల్లలకి ఒకలా పనిచేస్తుంది, మగపిల్లలకి ఒకలా. పెళ్లయిన మగవాణ్ని నిలకడ గల మనిషంటారు. పెళ్లయిన అమ్మాయి ప్రసూతి సెలవు అడుగుతుందని లెక్కలు వేస్తారు. 2024లో తమిళనాడు శ్రీపెరుంబుదూర్‌లోని ఫాక్స్‌కాన్ ఫోన్ల ఫ్యాక్టరీలో పెళ్లయిన స్త్రీలను కూర్పు పనికి తీసుకోకుండా పక్కన పెడుతున్నారని రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. పెద్ద గొడవే అయింది. తర్వాత వయసు, ఆడామగా, పెళ్లి షరతులు ప్రకటనల్లో రాయొద్దని ఆ కంపెనీ తన ఏజెంట్లకి చెప్పిందని అదే సంస్థ రాసింది. ప్రకటనలోంచి మాట పోయింది సరే, రెజ్యూమేలో మనమే రాసి ఇస్తే ఆ మాట తిరిగి వాళ్ల చేతికి చేరుతుంది. అంతకు ముందు, 1991లో, నీరా మాథుర్ కేసులో సుప్రీంకోర్టు ఎల్ఐసీ ఉద్యోగ ఫారంలో ఆడవాళ్ల నెలసరి గురించీ, కాన్పుల గురించీ అడిగే ప్రశ్నలను తప్పుపట్టి, వాటిని తీసేయమంది. సర్కారు సంస్థ ఫారమే అలా ఉండేదన్నమాట.

అందుకని హైదరాబాద్ కాగితంలో మతం తీసెయ్యండి, పెళ్లి తీసెయ్యండి. ఫోటో, వాళ్లు అడిగితేనే. పుట్టిన తేదీ మన దేశంలో చాలా కంపెనీలు అడుగుతూనే ఉన్నాయి. ఆన్‌లైన్ ఫారంలో గడి ఉంటే నింపండి. చేతికిచ్చే కాగితంలో లేకపోయినా ఎవరూ తప్పుపట్టరు. ఉద్యోగం ఖాయమయ్యాక పీఎఫ్‌కీ, ఇన్సూరెన్స్‌కీ పుట్టిన తేదీ, పెళ్లి, భర్త పేరు అన్నీ ఇవ్వాలి. అప్పుడు ఇస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఎంపిక చేసేవాడికి ఇవ్వడం ఒకటి, ఎంపికయ్యాక జీతాల గుమాస్తాకి ఇవ్వడం ఒకటి. ఈ తేడా పట్టుకుంటే ఏ దేశం కాగితమైనా సులువవుతుంది.

సౌదీకి వెళ్లే అమ్మాయికి మాత్రం ఈ సలహా పూర్తిగా చెల్లదు. గల్ఫ్ దేశాల్లో ఉద్యోగమూ వీసా ఒకేదారిలో నడుస్తాయి. ఫోటో, పుట్టిన తేదీ, పెళ్లి, పాస్‌పోర్ట్ గడువు అన్నీ మొదటి కాగితంలోనే అడుగుతారు. సౌదీ వీసా ఫారంలో మతం గడి కూడా ఉంటుంది. మక్కా నగరంలోకి ముస్లిమేతరులను అనుమతించరు కాబట్టి అక్కడి ఆసుపత్రులు ఆ మాట ముందే అడగడంలో వింతేమీ లేదు. అక్కడ అడిగినప్పుడు ఉన్నది రాయడమే. ఒక్క జాగ్రత్త ఉంది. రాసే ప్రతి అక్షరం పాస్‌పోర్ట్‌తో సరిపోవాలి. మధ్యవర్తి ఎవరైనా వీసా తొందరగా వస్తుందని వయసో, పెళ్లి సంగతో మార్చి రాస్తానంటే అక్కడితో ఆ మధ్యవర్తికి దండం పెట్టి లేచి రండి.

ఇప్పుడు జర్మనీ. నాకు చెప్పాలనిపించే విషయాలు ఇక్కడే ఎక్కువ. ఆ దేశంలో చాలాకాలం పాటు ఫోటో లేని దరఖాస్తు అసలు దరఖాస్తే కాదు. స్టూడియోకి వెళ్లి ప్రత్యేకంగా తీయించుకునేవారు. పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, పెళ్లి వివరం, చివర ఊరు పేరు, తేదీ వేసి సంతకం. ఒక రకంగా మన బయోడేటాకి అన్నలాంటిది. 2006 ఆగస్టులో అక్కడ సమాన అవకాశాల చట్టం అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత యజమాని ఫోటో తప్పనిసరని అడగడం మానేశాడు. అడిగితే, రేపు ఎవరైనా కోర్టుకెళితే చిక్కు. కానీ అలవాటు ఒక్క చట్టంతో పోతుందా? నేటికీ చాలామంది పెడుతూనే ఉన్నారు.

ఫోటో ఎంత పని చేస్తుందో ఆస్ట్రియా పరిశోధకురాలు డోరిస్ వైక్సెల్‌బౌమర్ చూపించారు. జర్మనీలో దాదాపు 1,500 దరఖాస్తులు పంపారు. అన్నింట్లోనూ ఫోటోలో ఉన్నది ఒకే అమ్మాయి, చదువూ ఒకటే. కొన్నింటి మీద సాండ్రా బావర్ అని జర్మన్ పేరు, కొన్నింటి మీద మెర్యెమ్ ఓజ్తుర్క్ అని టర్కీ పేరు, మరికొన్నింటి మీద అదే టర్కీ పేరుతో, ఫోటోలో తలకి ముసుగుతో. జర్మన్ పేరుకి నూటికి 18.8 పిలుపులు వచ్చాయి. టర్కీ పేరుకి 13.5. ముసుగు ఉన్న ఫోటోకి 4.2. మతం గడి ఎక్కడా లేదు, ఫోటోయే మతం చెప్పేసింది. మన అమ్మాయి మెడలో శిలువ గొలుసు, నుదుట బొట్టు, నల్లపూసలు, వీటిలో ఏది కనిపించినా ఫోటో అలాగే మాట్లాడుతుంది. నల్లపూసలు జర్మనీలో చూసేవాడికి తెలియవు కానీ హైదరాబాద్‌లో చూసేవాడికి తెలుస్తాయి.

మరి జర్మనీకి పంపే కాగితంలో ఫోటో పెట్టాలా? ఏజెన్సీ పెట్టమంటే పెట్టండి, అక్కడ అదింకా మామూలే. పెట్టదలచుకుంటే నెట్ సెంటర్ వాడు ఫోన్‌లో తీసి, వెనక నీలం రంగు పూసిన ఫోటో పెట్టొద్దు. అది లేకపోవడమే నయం. నర్సులకి అక్కడ కొరత ఉంది కాబట్టి భాషా పరీక్ష బీ1 పాసయ్యారా, బీ2 పాసయ్యారా అన్నదాన్నే ముందు చూస్తారు. ఆ మాట పేరు కిందే కనబడాలి.

పుట్టిన తేదీకి జర్మనీలో ఇంకో మెలిక ఉంది. 45 ఏళ్లు దాటి మొదటిసారి ఉద్యోగ వీసాకి వెళ్లేవారు ఒక నిర్ణీత స్థాయి జీతమైనా, ముసలితనానికి సరిపడా పెన్షన్ ఏర్పాటైనా చూపాలి. అంటే వయసు రెజ్యూమేలో లేకపోయినా వీసా దగ్గర లెక్కకొస్తుంది. ఇరవైల్లో ఉన్న మన అమ్మాయికి దీంతో చింత లేదు.

మతం సంగతి ఇంకా చిత్రం. జర్మనీ రెజ్యూమేలో మతం రాయక్కర్లేదు, చర్చి సంస్థలు నడిపే ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు మాత్రం అడగవచ్చు. అలాంటివి అక్కడ చాలానే ఉన్నాయి. అసలు ప్రశ్న ఉద్యోగం వచ్చాక, ఊళ్లో దిగాక వస్తుంది. ఇల్లు అద్దెకు తీసుకోగానే మునిసిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేసుకోవాలి. ఆ ఫారంలో మతం గడి ఉంటుంది. కేథలిక్ అని రాస్తే జీతంలోంచి చర్చి పన్ను పోతుంది. అది ఆదాయపు పన్ను మీద 9 శాతం, బవేరియా, బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రాల్లో 8 శాతం. జీతం మీద కాదు, కట్టే పన్ను మీద. అది ఇష్టంగా కట్టేవాళ్లు ఉన్నారు, వాళ్ల విశ్వాసం వాళ్లది. కానీ ఇక్కడ రెజ్యూమేలో అలవాటుగా మతం కొట్టించుకున్న చేత్తోనే అక్కడా కొట్టేసి, మొదటి నెల జీతం కాగితం చూసి ఇదేం కోత అని బిత్తరపోవద్దు.

జపాన్ మాట కూడా ఒకటి చెప్పి ముందుకెళ్తాను. అక్కడ రిరెకిషో అని అచ్చు ఫారం ఉంటుంది, దుకాణాల్లో అమ్ముతారు. దానిమీద ఫోటో అతికించాలి, మూడు సెంటీమీటర్ల వెడల్పు, నాలుగు సెంటీమీటర్ల ఎత్తు. 2021 ఏప్రిల్‌లో అక్కడి ఆరోగ్య, కార్మిక మంత్రిత్వశాఖ కొత్త నమూనా ఇచ్చింది. అందులో భార్యాభర్తల గడి తీసేశారు, పోషించాల్సిన వారెందరన్న గడి తీసేశారు. ఆడా మగా అన్నది ఇష్టమైతేనే రాయొచ్చన్నారు. ఫోటో, పుట్టిన తేదీ ఉంచారు. అంతకు చాలా ముందే పూర్వీకుల ఊరు అడగడం మానిపించారు. ఎందుకంటే బురాకు అని అక్కడ తరతరాలుగా అంటరానితనం అనుభవించిన జనం ఉన్నారు. వాళ్లు ఫలానా ఊళ్ల వాళ్లని పోల్చుకుని ఉద్యోగాలు ఇవ్వని కంపెనీలు ఉండేవి. ఊరు పేరు చూసి మనిషిని తేల్చేయడం మన దగ్గరే ఉందనుకుంటాం కదా.

అమెరికా, బ్రిటన్‌లకైతే ఆ నాలుగూ తీసెయ్యాలి, ఏదీ మిగల్చొద్దు. అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం మతం మీద వివక్ష కూడదంది, 1967 చట్టం నలభై దాటినవారికి వయసు విషయంలో రక్షణ ఇచ్చింది. రాయడం దరఖాస్తుదారు తప్పేమీ కాదు. కానీ ఫోటో చూసి తిరస్కరించారన్న ఆరోపణ వస్తుందని యజమాని భయపడతాడు. అందుకే ఫోటో ఉన్న రెజ్యూమేని కొన్ని కంపెనీలు చదవకుండానే పక్కన పెడతాయి. లింక్డ్‌ఇన్‌లో మాత్రం అందరి ఫోటోలూ అందరూ చూస్తూనే ఉంటారు, ఆ విడ్డూరం సంగతి నన్నడగొద్దు. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల ఉద్యోగ వెబ్‌సైట్‌లో మతం, వయసు, పెళ్లి అడుగుతారు. చూసి కంగారు పడొద్దు. ఆ జవాబులు లెక్కల కోసం వేరుగా వెళ్తాయి, దరఖాస్తులు వడపోసేవారికి కనిపించవు.

ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు ఇంకొకటుంది. పుట్టిన తేదీ తీసేస్తారు, పదో తరగతి ఏ సంవత్సరం పాసయ్యారో మాత్రం ఉంచేస్తారు. అందులోంచి పదిహేనో పదహారో తీసేస్తే వయసు తెలిసిపోతుంది. అమెరికా కాగితంలో పదో తరగతి, ఇంటర్ అక్కర్లేదు, డిగ్రీ నుంచి మొదలుపెడితే చాలు. అలాగే మతం తీసేసి, హాబీల కింద ఫలానా చర్చి యువజన సంఘం కార్యదర్శి అనో, ఫలానా దీక్షా సంఘం సభ్యుడు అనో రాస్తారు. ఆ సేవలో ఉద్యోగానికి పనికొచ్చే పని ఏదైనా చేసి ఉంటే, రక్తదాన శిబిరం నడిపారనుకోండి, ఆ పనిని రాయండి. సంఘం పేరు లేకున్నా పని పనే.

కాబట్టి చర్ల అమ్మాయి ఫైళ్లు ఇలా ఉంటాయి. ఒక ఫైల్లో చదువు, రిజిస్ట్రేషన్, అనుభవం, ఏ వార్డుల్లో పనిచేసింది, ఎన్ని పడకల ఆసుపత్రి, ఏ భాషలు వచ్చు. ఇది అన్నింటికీ మూలం. కోయ మాట్లాడటం వస్తే భాషల్లో తప్పకుండా రాయాలి, భద్రాచలం ఏజెన్సీ ఆసుపత్రుల్లో దానికి విలువుంది. రెండో ఫైల్లో వ్యక్తిగత వివరాలన్నీ ఒక్క పేజీలో, పక్కన మంచి ఫోటో. సౌదీకి రెండూ కలిపి పోతాయి. హైదరాబాద్‌కి మొదటిది ఒక్కటే. జర్మనీకి మొదటిదానికి పుట్టిన తేదీ, కావాలంటే ఫోటో చేర్చి. ఫైలు పంపేముందు దాని పేరు కూడా చూసుకోండి. మతం లోపల తీసేసి, ఫైలు పేరే ఎస్టీ క్రిస్టియన్ నర్స్ అని ఉంచి పంపినవాళ్లు ఉన్నారు.

ఏ దేశానికి పంపినా పుట్టిన తేదీ దగ్గర మా ఏజెన్సీ పిల్లలు చిక్కుకునేది మరోచోట. ఇంట్లో పుట్టినవాళ్లకి జనన ధ్రువపత్రం ఉండదు. బడిలో చేర్పించిన రోజు పంతులుగారు అందాజుగా ఒక జూన్ తేదీ వేస్తారు, అదే పదో తరగతి మెమోలోకి ఎక్కుతుంది. ఆధార్ తీసినప్పుడు తేదీ చెప్పలేకపోతే సంవత్సరం ఒకటి వేసి జనవరి 1 అని కొట్టారు. అలా ఒకే మనిషికి రెండు పుట్టినరోజులు తయారయ్యాయి. సర్కారు నౌకరీలో ఒకసారి సర్వీసు రిజిస్టర్‌లో ఎక్కిన తేదీ ఇక మారదు, ఉమ్మడి రాష్ట్రంలో 1984లో వచ్చిన నియమాలు ఆ తలుపు మూసేశాయి. విదేశాలకైతే పాస్‌పోర్ట్‌లో ఒక తేదీ, మెమోలో ఒక తేదీ ఉంటే సర్టిఫికెట్ల తనిఖీలోనే దరఖాస్తు ఆగిపోతుంది. మెమో తేదీని పట్టుకుని మిగతావాటిని దానికి సరిపెట్టుకోవడమే తేలిక. ముందు ఆధార్, తర్వాత పాస్‌పోర్ట్. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకునే వీలు మామూలుగా ఒక్కసారే ఇస్తారు కాబట్టి, ఆ కేంద్రానికి వెళ్లేటప్పుడు మెమో ఒరిజినల్ వెంట తీసుకెళ్లండి, ఆపరేటర్ కొట్టిన తేదీని రసీదు మీద అక్కడే చదివి చూసుకుని మరీ బయటికి రండి.